సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్‌ను ఆసుపత్రి మందుల జాబితాలో చేర్చాలా?

హన్మకొండ ఐసీయూ:
మందుల కమిటీ ముందుకు వచ్చే మంగళవారం నా దరఖాస్తు వస్తుంది. మా ఐసీయూలో మెరోపెనెంకు లొంగని క్లెబ్సియెల్లా ఎక్కువైంది. మిగిలింది కొలిస్టిన్ ఒక్కటే, అదేమో కిడ్నీలను దెబ్బతీస్తోంది. అందుకే సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ అడుగుతున్నాను. కొనుగోలు వాళ్లు ధర చూపించి వద్దంటున్నారు. కమిటీని ఒప్పించడానికి ఏం రాయాలి?

ఫార్మసీ కిటికీ:
సార్, ధర సంగతి తర్వాత. మీ క్లెబ్సియెల్లా ఏ ఎంజైమ్‌తో మెరోపెనెంను విరగ్గొడుతోందో మీరు రాయలేదు. కమిటీలో నేనుంటే మొదటి ప్రశ్న అదే వేస్తాను.

అవిబాక్టమ్ కేపీసీని ఆపుతుంది, ఓఎక్స్‌ఏ-48 రకాలను కూడా ఆపుతుంది. ఎన్‌డీఎంను మాత్రం ఆపలేదు. అమెరికాలో ఈ మందుకు 2015లో అనుమతి వచ్చింది, అక్కడ పెద్ద బెడద కేపీసీ. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 రకాలు, చాలాసార్లు రెండూ ఒకే బ్యాక్టీరియాలో. అంటే అక్కడి ఫలితాలు చూపించి మన ఐసీయూకు మందు కొనిపిస్తే, చాలా కేసుల్లో డబ్బులు పోసి నీళ్లు ఎక్కించినట్టే.

కరీంనగర్ ఇంటెన్సివిస్ట్:
ఇంత భయపెట్టాల్సిన పని లేదు. మేం వాడుతున్నాం, పేషెంట్లు లేచి కూర్చుంటున్నారు. కార్బపెనెం పనిచేయని చోట దీన్నే మొదలుపెట్టాలి. అసినెటోబాక్టర్ వెంటిలేటర్ న్యుమోనియాలకు కూడా ఇచ్చాం. కొలిస్టిన్ కాలం చెల్లింది, జాబితాలోంచి తీసేయండి.

మైక్రో మేడం:
కొలిస్టిన్ మీద మీ అసంతృప్తి సగం నిజమే. 2020 నుంచి సీఎల్‌ఎస్‌ఐ క్లెబ్సియెల్లా కుటుంబపు బ్యాక్టీరియాలకు కొలిస్టిన్ 'సెన్సిటివ్' అనే మాటే తీసేసింది. డిస్క్ పెట్టి కొలిస్టిన్ రిపోర్టు ఇచ్చే ల్యాబులను నమ్మకండి, ఆ మందు అగార్‌లో సరిగా పాకదు.

కానీ అసినెటోబాక్టర్ మాట తప్పు సార్. దాని దగ్గరుండే ఓఎక్స్‌ఏ-23ని అవిబాక్టమ్ పట్టుకోలేదు. లేచి కూర్చున్నవాళ్లు ఇంకో కారణంతో లేచి ఉంటారు. ట్యూబులో పెరిగిన ప్రతి అసినెటోబాక్టర్ జబ్బు కాదు కదా.

హన్మకొండ సార్‌కు: ప్లేటు మీద పెరిగిన కాలనీతో కార్డు పరీక్ష చేస్తే 15 నిమిషాల్లో కేపీసీ, ఓఎక్స్‌ఏ-48, ఎన్‌డీఎం, వీఐఎం, ఐఎంపీ గీతలు విడివిడిగా కనిపిస్తాయి. దరఖాస్తులో మందుతో పాటు ఈ కార్డులనూ అడగండి. గత ఆరు నెలల స్టాక్ కాలనీలు ఫ్రిజ్‌లో ఉంటే వాటిమీద చేయించి, మంగళవారానికల్లా మీ ఆసుపత్రి లెక్కే కమిటీ ముందు పెట్టండి.

ములుగు రోడ్డు:
సార్లూ, నడుమల వచ్చినందుకు ఏమనుకోకుండ్రి. మా నాయినకు మూత్రంల ఇన్ఫెక్షన్ ఉండె. రిపోర్టుల ఈఎస్‌బీఎల్ అని రాసి, మెరోపెనెం కింద 'ఎస్' అని ఉంది. గీ కొత్త మందు ఇప్పిస్తె జల్ది తగ్గుతదా? బయట షాపుల దొరుకుతదంటున్నరు, ఎంతైనా పెడతం.

మైక్రో మేడం:
అవసరం లేదు తమ్ముడూ. మెరోపెనెం 'ఎస్' ఉందంటే పాత మందులతోనే తగ్గుతుంది. ఏది, ఎన్ని రోజులు అన్నది నాన్నను చూస్తున్న డాక్టర్‌నే అడుగు. దీనికోసం అప్పు చేయొద్దు.

హన్మకొండ ఐసీయూ:
కార్డుల సంగతి మంచి మాట మేడం. మరి ఎన్‌డీఎం తేలితే నా దరఖాస్తు చెల్లనట్టేనా?

ఫార్మసీ కిటికీ:
చెల్లుతుంది, కానీ అప్పుడు అడగాల్సింది రెండు మందులు. ఎన్‌డీఎం అజ్ట్రియోనామ్‌ను విరగ్గొట్టలేదు. దాన్ని విరగ్గొట్టేది అదే బ్యాక్టీరియాలో ఉన్న ఈఎస్‌బీఎల్ లాంటి మిగతా ఎంజైమ్‌లు, వాటిని అవిబాక్టమ్ ఆపుతుంది. రెండూ కలిస్తే పని జరుగుతుంది. సెఫ్టజిడిమ్ ఊరికే వెంట వస్తుందంతే. అవిబాక్టమ్‌తో అజ్ట్రియోనామ్ ఒకే వయల్‌లో ఉన్న మందుకు యూరప్‌లో 2024లో, అమెరికాలో 2025లో అనుమతులు వచ్చాయి.

ఆధారం కావాలంటే 2021లో ఇటలీ, గ్రీస్ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం పెట్టండి. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న 102 మందిలో ఈ జోడీ తీసుకున్నవారిలో 30 రోజుల్లో 19.2 శాతం, ఇతర మందులు తీసుకున్నవారిలో 44 శాతం మరణించారు. చీటీ వేసి పంచిన ట్రయల్ కాదది, డాక్టర్లు ఎంచి ఇచ్చిన మందులు. అదీ దాచకుండా రాయండి, లేకపోతే కమిటీలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

మైక్రో మేడం:
ఆ 102 మందిలో ఎక్కువ భాగం క్లెబ్సియెల్లానే. మన దేశపు ఎన్‌డీఎం ఈ.కోలైలో ఇంకో చిక్కు ఉంది. అజ్ట్రియోనామ్ వెళ్లి అతుక్కోవాల్సిన పీబీపీ-3 ప్రొటీన్‌లోనే నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చేరిన రకాలు ఇక్కడ చాలా దొరికాయి. వాటిమీద జోడీ బలం తగ్గుతుంది. కాబట్టి ఈ.కోలై అయితే జోడీ పరీక్ష ల్యాబులో చేయకుండా మందు వదలకూడదు. డిస్క్ ఎల్యూషన్ పద్ధతికి పెద్ద యంత్రం అక్కర్లేదు.

స్టోర్స్ గుమాస్తా:
నేను కొనుగోలు వాడినే, తిట్టకండి. సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ వయల్ 2,500, అజ్ట్రియోనామ్ గ్రాము వయల్ 400 అనుకుందాం. మీ కొటేషన్ అంకెలు పెట్టుకోండి. రోజుకు మొదటిది 3 వయల్స్, అజ్ట్రియోనామ్ 2 గ్రాముల చొప్పున మూడుసార్లు అంటే 6 వయల్స్. 7,500 ప్లస్ 2,400, రోజుకు 9,900. వారానికి 69,300. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ముందే కట్టేసిన మొత్తం కదా, ఇది ఎక్కడ సర్దాలి? భూపాలపల్లి నుంచి వచ్చినోళ్లకు బయట కొనుక్కోమని చీటీ రాస్తే భూమి అమ్ముకుంటారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు డోసు సగం అంటారుగా, అక్కడైనా ఖర్చు తగ్గుతుందా?

ఫార్మసీ కిటికీ:
వార్డులో కలిపితే తగ్గదు. 2.5 గ్రాముల వయల్ కొట్టి సగం ఎక్కించి సగం పారేస్తారు. ఫార్మసీలోనే శుభ్రంగా రెండు బ్యాగులు చేసి ఒకటి ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు నిలుస్తుంది, ఎనిమిది గంటల తర్వాతి డోసుకు పనికొస్తుంది. అలా చేస్తేనే రోజుకు 3 వయల్స్ ఒకటిన్నర అవుతాయి.

కానీ ఆ సగం డోసులోనే అసలు ప్రమాదం ఉంది. 58 ఏళ్లు, 60 కిలోలు, క్రియాటినిన్ 2 ఉన్న పేషెంట్ వచ్చాడనుకోండి. (140-58)×60ని 72×2తో భాగిస్తే క్లియరెన్స్ సుమారు 34. లేబుల్ ప్రకారం 1.25 గ్రాములు, ఎనిమిది గంటలకోసారి. సెలైన్ ఎక్కి బీపీ సర్దుకుంటే రెండో రోజుకల్లా క్రియాటినిన్ 1కి దిగుతుంది, క్లియరెన్స్ 68. అప్పుడు పూర్తి డోసు కావాలి, కేస్ షీటులో మాత్రం మొన్నటి సగమే నడుస్తుంటుంది. కడుపు ఇన్ఫెక్షన్ల ట్రయల్‌లో ఇలాంటి పేషెంట్లే తక్కువగా బాగయ్యారు: ఈ మందుతో 45 శాతం, మెరోపెనెంతో 74 శాతం. అప్పటి తగ్గింపు డోసు ఇప్పటి లేబుల్ కంటే ఇంకా తక్కువ. అందుకే రోజూ క్రియాటినిన్ చూసి డోసు మార్చాలన్న షరతు దరఖాస్తులోనే ఉండాలి.

కరీంనగర్ ఇంటెన్సివిస్ట్:
మేం మొదటి 48 గంటలు క్రియాటినిన్ చూడకుండా పూర్తి డోసే ఇస్తాం.

ఫార్మసీ కిటికీ:
షాక్‌లోంచి బయటపడేవాళ్లకు ఆ వాదన నాకూ నచ్చుతుంది. పాత కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఒప్పుకోను. సెఫ్టజిడిమ్ పేరుకుపోతే మనిషి అయోమయంగా మాట్లాడతాడు, చేతులు ఉలిక్కిపడతాయి, ఫిట్స్ వస్తాయి. ఐసీయూలో అదంతా సెప్సిస్ ఖాతాలో పోతుంది.

కరీంనగర్ ఇంటెన్సివిస్ట్:
మీరు కార్డు గీత చూసేలోపు షాక్‌లో ఉన్నవాడు పోతాడు. కల్చర్ రాకముందే ఇచ్చే వీలు ఉంచండి.

మైక్రో మేడం:
పాత కల్చర్‌లో ఇదే క్లెబ్సియెల్లా వచ్చినవాడికైతే సరే. వచ్చిన ప్రతి షాక్‌కూ అంటే, రెండేళ్లలో ఈ మందుకూ మెరోపెనెం గతే పడుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ దీన్ని రిజర్వ్ వర్గంలో పెట్టింది అందుకే.

హన్మకొండ ఐసీయూ:
దరఖాస్తు మార్చాను. అజ్ట్రియోనామ్, కార్డులు చేర్చాను. ఎన్‌డీఎం ఉంటే రెండూ ఒకే వేళకు ఎక్కించాలి, ఓఎక్స్‌ఏ-48 ఒక్కటే అయితే ఇదొక్కటే చాలు, అసినెటోబాక్టర్‌కు ఇవ్వకూడదు అని రాశాను. మొదట ముగ్గురు పేషెంట్లకు సరిపడా స్టాక్ చాలన్నాను. రాత్రి రెండు గంటలకు ఎవరి సంతకంతో మందు వదలాలన్నది మాత్రం ఖాళీగా ఉంచాను. మాకు రాత్రి మైక్రోబయాలజీ లేదు.

స్టోర్స్ గుమాస్తా:
ఆ ఖాళీ నింపకపోతే ఫైలు నా టేబుల్ మీదే ఆగుతుంది సార్, ముందే చెప్తున్నా.