సాగర్ డ్యామ్ మంచులో కలిసిపోయిన ఫోటో: డీహేజ్‌తో లాగాలా, వదిలేయాలా?

నరేష్_మిర్యాలగూడ: జనవరిలో పొద్దున్నే నాగార్జునసాగర్ డ్యామ్ కింది బ్రిడ్జి మీద అమ్మానాన్నల ఫోటో తీశాను. వెనక డ్యామ్ కంటికి కనిపించింది గానీ ఫోటోలో తెల్లగా పోయింది, 26 గేట్లలో ఒక్కటీ తెలియట్లేదు. లైట్‌రూమ్‌లో మంచు తెరను తగ్గించే డీహేజ్ స్లైడర్ 75 పెడితే డ్యామ్ వచ్చింది. కానీ నాన్న ముఖం నల్లబడింది, ఆకాశంలో చుక్కలు, చారలు. రా ఫైలు, జేపెగ్ రెండూ ఉన్నాయి. ఏం చేయాలి?

యాదగిరి_స్టూడియో: తమ్మీ, ముప్పై దాటించినవంటే ఫోటో ఖరాబే. డీహేజ్ సున్నా చేసి క్లారిటీ 50 పెట్టు, చాలు. మంచులో లేనిది ఎవడూ తేలేడు.

చిన్నా_సూర్యాపేట: సెల్‌లో ఒక్క బటన్ నొక్కితే అయిపోయే పనికి ఇంత టెన్షన్ ఎందుకు అన్నా?

లత_పాలమూరు: నరేష్ గారూ, మీ నాన్నగారు తెల్ల పంచె, తెల్ల చొక్కాలో ఉన్నారా? డీహేజ్‌కు మంచు ఎంత దూరంలో ఉందో తెలియదు. ఎక్కడ రంగు లేకుండా తెల్లగా ఉందో అక్కడ మంచు ఉందనుకుని, అక్కడే ఎక్కువగా తీసేస్తుంది. దగ్గరున్న తెల్ల బట్ట కూడా దానికి మంచులాగే కనిపిస్తుంది. ముఖంలోని మధ్యస్థ వెలుతురును కూడా కిందికి లాగుతుంది. నల్లబడడం అందుకే.

చుక్కలు సెన్సార్ మీది దుమ్ము. అది ముందు నుంచీ ఉంది, డీహేజ్ దాన్ని బయటపెట్టింది, అంతే. చారలు మాత్రం జేపెగ్ పుణ్యం. అందులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. మంచు వాటిలో చాలా కొద్ది మెట్లలోనే సర్దుకుంటుంది, దాన్ని సాగదీస్తే మెట్లు విడివిడిగా కనిపిస్తాయి. జేపెగ్ పక్కన పెట్టి రా ఫైలుతోనే చేయండి.

రమేశ్_కోదాడ: నాకూ ఇదే సమస్య. ఏసీ కారు దిగి కెమెరా తీయగానే లెన్స్ అంతా పొగమంచు పడుతుంది. బట్టతో తుడవొచ్చా?

లత_పాలమూరు: రమేశ్ గారూ, అది లెన్స్ మీద తేమ, ఇది గాలిలోది. మీరు కెమెరాను బ్యాగులోనే ఉంచి కాసేపు బయటి వేడికి అలవాటు పడనివ్వండి, తుడిచినా మళ్లీ పడుతుంది.

యాదగిరి_స్టూడియో: మేడం, మీరు చెప్పేది పుస్తకాల ముచ్చట. పోయిన చలికాలం వైజాగ్ కాలనీలో ఒక జంటకు ప్రీవెడ్డింగ్ తీసిన. మంచు తీసెయ్యమని వాళ్లే అడిగిన్రు, తీసేసిన. పెళ్లికూతురు ముఖం బూడిద పూసినట్టు వచ్చిందని సగం పైసలు ఎగ్గొట్టిన్రు. అనుభవంతో చెప్తున్న.

లత_పాలమూరు: ఆ స్లైడర్ ఫోటో మొత్తానికి వేశారా, వెనక భాగానికే వేశారా?

యాదగిరి_స్టూడియో: మొత్తానికే. ఇంకెట్ల వేస్తరు?

లత_పాలమూరు: అదే కదా అసలు సంగతి. బ్రిడ్జి మీద రెండడుగుల దూరంలో మంచు లేనట్టే. డ్యామ్ దగ్గరికి పోయేసరికి దట్టంగా ఉంది. రెండింటికీ ఒకే మందు ఎలా పని చేస్తుంది?

నరేష్ గారూ, ఒక పని చేయండి. డ్యామ్ గోడ మీద కర్సర్ పెట్టి హిస్టోగ్రామ్ కింద వచ్చే మూడు అంకెలు రాసుకోండి. తర్వాత దాని పక్కనే ఉన్న మంచు మీద పెట్టి చూడండి. డ్యామ్ ఎడమ చివర కూడా చూడండి.

నరేష్_మిర్యాలగూడ: గేట్ల దగ్గర గోడ: ఎరుపు 64 శాతం, ఆకుపచ్చ 68, నీలం 72. పక్కన మంచు: 71, 72, 73. ఎడమ చివర గోడకూ మంచుకూ తేడా లేదు, రెండూ 72, 73 దగ్గరే ఉన్నాయి.

లత_పాలమూరు: అయితే ఎడమ చివర విషయంలో యాదగిరి గారు చెప్పిందే నిజం. అక్కడ ఏమీ లేదు, ఎంత లాగినా నాయిసే వస్తుంది. గేట్ల దగ్గర మాత్రం ఆకుపచ్చలో నాలుగు శాతం తేడా ఉంది. ఐదింతలు సాగదీస్తే ఇరవై అవుతుంది, కంటికి ఆనుతుంది. నాయిస్ కూడా ఐదింతలవుతుంది, అది తప్పదు.

ఇంకో మాట. తేడా ఎరుపులో ఏడు, నీలంలో ఒకటి. ఒట్టి మంచయితే నీటి తుంపరలు మూడు రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. నీలం ఇంతగా పోయిందంటే సన్నటి పొగ కలిసింది.

శ్రీను_హాలియా: కలవక ఏమైతది? ఆ టైములో మా దిక్కు నాట్ల ముందు వరి కొయ్యలు కాలబెడతరు. రాత్రి పెట్టిన పొగ పొద్దుటికి కాలువల మీద పరుచుకుంటది. మా పాపకు ఆయాసం వస్తే ఆస్పత్రిలో పెట్టినం. ఇప్పుడు మీరు ఆ పొగను ఫోటోలోంచి కడిగేసి సాగర్ అందంగా ఉందని పెడతరు.

యాదగిరి_స్టూడియో: శీనన్న అన్నది కరెక్ట్. పొద్దు ఎట్లుంటే ఫోటో అట్లనే ఉండాలె. గీ లతక్క లెక్కలన్నీ అబద్ధాన్ని పాలిష్ చేసుడే.

లత_పాలమూరు: మీరే పెళ్లికూతురు ముఖం మీది మచ్చలు తుడుస్తారు. అప్పుడు గుర్తురాలేదా అబద్ధం? పైన క్లారిటీ 50 పెట్టమన్నదీ మీరే.

యాదగిరి_స్టూడియో: క్లారిటీ వేరు! అది ఉన్నదాన్నే గట్టిగ చూపిస్తది.

లత_పాలమూరు: డీహేజ్ కూడా ఉన్న నాలుగు శాతాన్నే గట్టిగా చూపిస్తోంది. క్లారిటీ అంచుల దగ్గర తేడాను పెంచుతుంది, మొత్తం మీద పరుచుకున్న తెర మాత్రం కదలదు. అందుకే తెర దించడానికి డీహేజ్, అంచుకు కొద్దిగా క్లారిటీ. తెర దించకుండా క్లారిటీయే బాగా పెంచితే డ్యామ్ పైగట్టు వెంట తెల్ల గీత పడుతుంది.

నరేష్_మిర్యాలగూడ: కొట్లాడకండి. ఇది పేపర్‌కు పెట్టే ఫోటో కాదు. మా తాత డ్యామ్ కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలీ. నాన్న ఆ గోడ ముందు నిలబడి తీయమన్నాడు. గోడ లేకపోతే ఆ ఫోటోకు అర్థమే లేదు.

శ్రీను_హాలియా: ఇంట్లో పెట్టుకునే ఫోటో అయితే నాకేం అభ్యంతరం లేదు తమ్ముడూ. మూలఫైలు మాత్రం చెరిపెయ్యకు. ఎప్పుడైనా పొగ గురించి ఫిర్యాదు రాస్తే అదే జత చేద్దాం.

లత_పాలమూరు: అయితే ఇలా చేయండి. మొదట దుమ్ము చుక్కలు తుడవండి. మొత్తానికి డీహేజ్ 10 మించొద్దు. తర్వాత నీటి అంచు నుంచి పైకి గ్రేడియెంట్ మాస్క్ గీసి, అందులోంచి మనుషుల్ని తీసేయండి. ఆ మాస్క్‌లో డీహేజ్ 45తో మొదలుపెట్టండి. ఫోటో చీకటి పడితే ఎక్స్‌పోజర్ 0.3 దాకా పెంచండి, రంగు ముదిరితే సాచురేషన్ 15 తగ్గించండి. గేట్ల మీద ఇంకో చిన్న మాస్క్ వేసి క్లారిటీ 20 చాలు. నాన్నగారి తల చుట్టూ వెలుగు గీత కనిపిస్తే మాస్క్ అంచు తప్పిందని అర్థం, బ్రష్‌తో దిద్దండి. ఎడమ చివర మాత్రం ముట్టుకోవద్దు, మంచులోనే కలిసిపోనివ్వండి.

నరేష్_మిర్యాలగూడ: చేశాను మేడం. గేట్లు లెక్కపెట్టొచ్చు ఇప్పుడు, ముఖాలు కూడా మామూలుగానే ఉన్నాయి. వంద శాతం జూమ్ చేస్తే గోడంతా గరుకుగా ఉంది. 12×18 ప్రింట్ తీయిద్దామనుకుంటున్నా.

లత_పాలమూరు: 8×12 మ్యాట్ పేపర్ మీద ఆ గరుకు పెద్దగా తెలియదు. నాయిస్ తగ్గించాలని చూస్తే గేట్ల గీతలు కూడా మెత్తబడతాయి, వదిలేయడమే మేలు. 12×18కైతే ముందు గోడ వరకు చిన్న ముక్క ప్రింట్ తీసి చూడండి.

యాదగిరి_స్టూడియో: 12×18ల గోడ ఉప్పుకాగితం లెక్క ఉంటది, రాసి పెట్టుకో. నా దగ్గర ప్రింట్ తీయిస్తే మళ్లీ ఫోన్ చేసి నన్ను అడగొద్దు.