"శోషణ ఎక్కువ కనుకనే పరావర్తనం ఎక్కువ": ఈ వాక్యంలో తప్పుందా?

శారద: లోహాల మెరుపు గురించిన ఒక వ్యాసాన్ని పరిష్కరిస్తున్నాను. అందులో "లోహాలకు కాంతిని శోషించే గుణం చాలా ఎక్కువ, అందువల్లనే అవి కాంతిని అంత బలంగా పరావర్తనం చేస్తాయి" అనే వాక్యం ఉంది. శోషించుకున్న కాంతి మళ్ళీ బయటికి ఎలా వస్తుంది? వ్యాసకర్త వక్రీభవన గుణకాన్ని n + ik అనే సంకీర్ణ సంఖ్యగా రాసి, అందులోని kను శోషణ గుణకం అన్నారు. ఆ మాటను ఉంచాలా, మార్చాలా?

రమణ: వాక్యం సరైనదేనండీ. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతిని శోషించుకొని, వెంటనే తిరిగి వదిలేస్తాయి. ఎంత తీసుకుంటే అంత తిరిగి ఇస్తాయి కాబట్టి శోషణ పెరిగితే పరావర్తనమూ పెరుగుతుంది.

ప్రభాకర్: రమణ గారూ, కారణం ఎలక్ట్రాన్లే అన్నంతవరకు మీరు చెప్పింది నిజం. అయితే తీసుకొని దాచుకొని తర్వాత వదిలేటట్లయితే ఆ కాంతి అన్ని దిక్కులకూ చెదిరిపోవాలి, అద్దంలో ప్రతిబింబమే ఏర్పడకూడదు. జరిగేది వేరు. వచ్చే తరంగం ఎలక్ట్రాన్లను తన లయలోనే ఊపుతుంది. అలా ఊగే ఎలక్ట్రాన్లన్నీ కలిసి పుట్టించే తరంగం లోపలి దిశలో అసలు తరంగాన్ని దాదాపుగా రద్దు చేసి, బయటి దిశలో పరావర్తిత కిరణంగా వెలువడుతుంది.

శారద గారూ, k చెప్పేది తరంగం లోపలికి వెళ్ళేకొద్దీ ఎంత త్వరగా క్షీణిస్తుందో మాత్రమే. ఆ శక్తి వేడిగా మారిందా, వెనక్కి మళ్ళిందా అన్నది అది ఒక్కటే చెప్పదు. లెక్క చూడండి. కాంతి నిటారుగా పడినప్పుడు పరావర్తనం ఇది:

R = [(n − 1)² + k²] / [(n + 1)² + k²]

పసుపు కాంతికి, అంటే 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి, అల్యూమినియంలో n సుమారు 1.2, k సుమారు 7. లవం 49.04, హారం 53.84, పరావర్తనం 91 శాతం. మిగిలిన 9 శాతం మాత్రమే లోపలికి చేరి వేడిగా మారుతుంది. ఆ కాంతి తీవ్రత సుమారు 7 నానోమీటర్ల లోతుకే మూడో వంతు దాకా పడిపోతుంది.

ఇప్పుడు n 1.5, k కేవలం 0.01 ఉన్న నల్ల గాజును తీసుకోండి. దాని పరావర్తనం మామూలు గాజుకున్నంతే, 4 శాతం. కాంతి తీవ్రత అంతే మేరకు తగ్గడానికి సుమారు 4.7 మైక్రోమీటర్లు పడుతుంది, కానీ గాజు ఒక మిల్లీమీటరు మందం ఉంటే చాలు, లోపలికి వెళ్ళిన 96 శాతమూ అందులోనే అంతమవుతుంది. అంటే k 700 రెట్లు తక్కువగా ఉన్న పదార్థమే పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని శోషించింది. n సున్నా అయిన ఆదర్శ లోహాన్ని ఊహిస్తే, k ఎంతైనా R సరిగ్గా 1 అవుతుంది, శోషణే ఉండదు. వెండి అంత చక్కగా పరావర్తనం చేయడానికి కారణం దాని n సున్నాకు అంత దగ్గరగా ఉండడమే.

విమల: మా లేజరు ప్రయోగశాలలో షేవింగు బ్లేళ్ళను ఒకదానిపై ఒకటి పేర్చి, పదును అంచుల వైపు కిరణాన్ని పంపేవాళ్ళం. ఆ వైపు నుంచి చూస్తే కట్ట నల్లగా ఉంటుంది. అదీ లోహమే కదా, మరి పరావర్తనం ఏమైనట్లు?

ప్రభాకర్: అది k మీద ఆధారపడిన విషయం కాదండీ, ఆకారం మీద ఆధారపడినది. అంచుల మధ్య లోయల్లోకి దిగిన కిరణం పక్క గోడలకు పదేపదే తగులుతుంది. ఒక్కో తాకిడిలో సగం మిగిలినా పది తాకిళ్ళకు వెయ్యో వంతే మిగులుతుంది.

శారద: అలాగైతే బంగారం పసుపుగా ఎందుకుంటుంది? అక్కడ శోషణ అనవచ్చా?

ప్రభాకర్: అక్కడ నిస్సందేహంగా అనవచ్చు. 650 నానోమీటర్ల ఎరుపులో బంగారపు n సుమారు 0.16, k సుమారు 3.5, పరావర్తనం 95 శాతం. 450 నానోమీటర్ల నీలంలో లోపలి పట్టీలోని ఎలక్ట్రాన్లు పై పట్టీకి ఎగరగలవు కాబట్టి n సుమారు 1.5కు పెరుగుతుంది, k 1.9కి తగ్గుతుంది, పరావర్తనం 39 శాతానికి దిగుతుంది. చూడండి, నిజమైన శోషణ పెరిగిన చోట k తగ్గింది.

రమణ: ఈ లెక్కతో నా వాదన నిలవదని ఒప్పుకుంటాను. అయినా kను శోషణ గుణకం అనడం అలవాటైపోయింది. ఇప్పుడు మారిస్తే పాఠకులు తికమకపడతారు.

ప్రభాకర్: నేనైతే క్షీణత గుణకం అంటాను. వాక్యాన్ని "లోహంలో కాంతి తరంగం అతి త్వరగా క్షీణిస్తుంది, ఆ క్షీణతలో అధిక భాగం శోషణ వల్ల కాక, ఎలక్ట్రాన్లు తరంగాన్ని వెనక్కి మళ్ళించడం వల్ల కలుగుతుంది" అని మార్చమని నా సూచన.

శారద: వాక్యాన్ని అలాగే మారుస్తాను. గుణకం పేరు విషయంలో మాత్రం రమణ గారి అభ్యంతరంలోనూ న్యాయముంది. వ్యాసకర్తను అడిగి చూస్తాను.