అప్‌డేట్: చుక్కలు లెక్కపెట్టి రాసిన త్రిభుజ వైశాల్యం

నా ప్రశ్న: "రాత్రి పదకొండు దాటాక దిద్దుతున్న యూనిట్ టెస్ట్ పేపర్లలో ఒక అమ్మాయి సూత్రం వాడకుండా, గళ్లలో చుక్కలు పెట్టి లెక్కించి వైశాల్యం రాసింది. మార్కులు వేయవచ్చా?"

సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అది 1899 నాటి పిక్ సిద్ధాంతమన్న మాటే నిజమైంది: లోపలి చుక్కలకు అంచు చుక్కల్లో సగం కలిపి 1 తీసేస్తే వైశాల్యం వస్తుంది. (0,0), (4,1), (1,3) శీర్షాలుగా గల ఆ త్రిభుజం లోపల పూర్ణాంక బిందువులు 5, అంచు మీద 3 ఉన్నాయి కనుక 5 + 3/2 − 1 = 5.5 చదరపు యూనిట్లు. పాఠ్యపుస్తక సూత్రంతో చేసినా అంతే వచ్చింది. పక్కవారి పేపర్లలో ఈ పద్ధతి జాడే లేదు కాబట్టి కాపీ అనుమానం అనవసరమే. ముగ్గు చుక్కల మీద అక్క నేర్పిందట! శీర్షాలు పూర్ణాంకాలు కానప్పుడు ఇది పనిచేయదని చూపించి, 4 మార్కులూ వేశాను.