రాజీనామా తర్వాత బాండు పేరుతో జీతం కోత: అభ్యంతర లేఖలో లెక్క రాయాలా, వద్దా?

కాళహస్తి_కుర్రోడు:
రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో 2024 జూన్ 1న చేరాను. ట్రైనింగు ఆగస్టు 31తో అయిపోయింది. నోటీసు పూర్తిగా చేసి 2026 జనవరి 31న రిలీవ్ అయ్యాను. సెటిల్‌మెంట్‌లో జనవరి జీతం 31,000, లీవుల డబ్బు 11,000 మొత్తం కోసేసి, ఇంకా 78,000 కట్టమంటున్నారు. బాండు నాలుగో క్లాజు: "శిక్షణ ముగిశాక 24 నెలలు పనిచేయాలి. ముందే మానేస్తే కంపెనీకి నిజంగా అయిన శిక్షణ ఖర్చు, 1,20,000కు మించకుండా, కట్టాలి. పూర్తి చేసిన ప్రతి నెలకూ 5,000 తగ్గుతుంది." ఆరో క్లాజులో బకాయిల్లోంచి పట్టుకోవచ్చని ఉంది. సంతకం పెట్టాను. అభ్యంతరం ఎలా రాయాలి?

చంద్రగిరి_సీను:
బాండు స్టాంపు పేపరు మీద ఉందా? తెల్ల కాగితమైతే చెల్లనే చెల్లదు. అదొక్కటే రాసి పడేయండి.

అలిపిరి_హెచ్ఆర్:
స్టాంపు వాదనతో పోతే మొదటి జవాబుకే ఇరుక్కుంటారు. తక్కువ పడిన స్టాంపుకు పెనాల్టీ కడితే కోర్టు ఆ కాగితాన్ని తీసుకుంటుంది. ఇక్కడ లెక్కే చాలు. 2024 సెప్టెంబరు నుంచి 2026 జనవరి దాకా 17 నెలలు. 17 ఐదు వేలు 85,000. లక్షా ఇరవైలోంచి తీసేస్తే 35,000. కంపెనీ 42,000 పట్టుకుంది, అంటే వాళ్ల క్లాజు ప్రకారమే 7,000 ఎక్కువ. "35,000 పోను 7,000 తిరిగి ఇవ్వండి, 78,000 డిమాండు రద్దు చేయండి" అని ఒక పేజీ రాస్తే వారంలో తేలుతుంది.

కట్టమంచి:
ఆ 35,000 రాయొద్దు. క్లాజు మళ్లీ చదవండి. "నిజంగా అయిన ఖర్చు" అన్నారు, 1,20,000 దానికి పైకప్పు మాత్రమే. నెలకు 5,000 తగ్గేది ఆ ఖర్చులోంచి. నిజమైన ఖర్చు 90,000 అయితే ఈయన బాకీ 5,000. 85,000 లోపైతే అసలు బాకీయే లేదు. ఖర్చెంతో తెలియకుండా మనమే 35,000 అని రాసిచ్చామంటే, రేపు వాళ్లు బిల్లులు చూపించాల్సిన పనే ఉండదు.

ఇంకో సంగతి. పేస్లిప్పులో ఆ కోత ఏ పేరు కింద చూపించారు?

కాళహస్తి_కుర్రోడు:
"ట్రైనింగ్ అడ్వాన్స్ రికవరీ" అని ఉంది.

కట్టమంచి:
అనుకున్నా. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. అందులో 18వ సెక్షన్ జీతంలోంచి ఏమేం కోయొచ్చో వరసగా చెబుతుంది. శిక్షణ బాండు ఆ వరసలో లేదు, అడ్వాన్సు ఉంది. అందుకే ఆ పేరు. ఈయన చేతికి అడ్వాన్సు ఎప్పుడు ఇచ్చారు, ఏ తేదీన, ఏ ఖాతాలో వేశారు? లేఖలో మొదటి ప్రశ్న ఇదే కావాలి. చట్టప్రకారం కోసినా ఆ నెల వేతనంలో సగానికి మించకూడదు. ఇక్కడ జనవరి జీతం సున్నా చేశారు. పైగా రాజీనామా చేసినవాళ్లకు రెండు పని దినాల్లో వేతనం ఇవ్వాలని 17వ సెక్షన్.

చంద్రగిరి_సీను:
అయితే స్టాంపు సంగతి?

పీలేరు_మల్లి:
మా తమ్ముడివి ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టేసుకుని ఇప్పటికీ ఇవ్వలేదన్నా. వీళ్లంతా ఒకటే. జీతం పోతే పోనీ, ముందు సర్టిఫికెట్లు తెచ్చుకో.

కాళహస్తి_కుర్రోడు:
సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయక్కా. రిలీవింగ్ లెటర్ మాత్రం డబ్బు కడితేనే అంటున్నారు.

అలిపిరి_హెచ్ఆర్:
బాండ్లే చెల్లవన్నట్టు ఎవరూ మాట్లాడకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లు, రెండు లక్షల బాండును సమర్థించింది.

కట్టమంచి:
బాండు చెల్లదని నేనెక్కడ అన్నాను? ఆ కేసులో ఉద్యోగి అభ్యంతరం చెబుతూనే రెండు లక్షలు కట్టి, తర్వాత కోర్టుకు వెళ్లాడు. ఆ షరతు వృత్తికి అడ్డా, ప్రజావిధానానికి విరుద్ధమా అన్నది అక్కడి ప్రశ్న. జీతం కోత కాదు. బాండు చెల్లడం ఒకటి, బాండు డబ్బును జీతంలోంచి తమంతట తామే పట్టుకోవడం ఇంకొకటి. చెల్లే బాండైనా కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద వచ్చేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం దానికి గరిష్ఠ హద్దు.

అలిపిరి_హెచ్ఆర్:
ఆరో క్లాజు మీద సంతకం ఉందయ్యా! బాకీల్లోంచి పట్టుకోండని ఆయనే ఒప్పుకున్నాడు. మీరు సెక్షన్లు చదివి ఆ కుర్రాణ్ని ఏడాదిపాటు లేబరాఫీసు చుట్టూ తిప్పుతారు. రిలీవింగ్ లెటర్ మీరిస్తారా?

కట్టమంచి:
మీరు కంపెనీ వైపు కూర్చుని మాట్లాడుతున్నారు. కోడ్ అనుమతించని కోతకు సంతకం అనుమతి ఇవ్వదు. ఇచ్చేదుంటే ప్రతి కంపెనీ చేరిన రోజే ఒక సంతకం తీసుకుని జీతాలు ఆపేసుకునేది.

అలిపిరి_హెచ్ఆర్:
సరే, కోపం వద్దు, అసలు మాట చెబుతా. మూడు నెలలు యంత్రం మీద కూర్చోబెట్టి నేర్పించారు, జీతం కూడా ఇచ్చారు. ఆ పనితనంతోనే ఈయనకు బయట ఉద్యోగం దొరికింది. ఒప్పుకున్నదానికి ఎంతో కొంత కట్టడం న్యాయం. నా అభ్యంతరం మీ సెక్షన్ల మీద కాదు, ఒక్క పైసా ఒప్పుకోవద్దనే ధోరణి మీద.

కట్టమంచి:
కట్టొద్దని కాదు. ఎంతో తేలాక కట్టమంటున్నా. ఎంతో తేల్చే అధికారం డబ్బు పట్టుకున్నవాడి చేతిలోనే ఉండకూడదు, అంతే. ఇక కుర్రాడి ప్రశ్నకు వస్తా.

బాండు తేదీ, క్లాజు నంబరు వేసి నాలుగో క్లాజు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించండి. దాని కింద ఇలా రాయండి: "నేను శిక్షణానంతరం 17 పూర్తి నెలలు పనిచేశాను. కాబట్టి నిజమైన ఖర్చులోంచి 85,000 తగ్గాలి. ఆ ఖర్చు 1,20,000 అని మీరు రుజువు చేసినా మీరు కోరగలిగింది 35,000 దాటదు. ఇది నేను ఏ మొత్తాన్నీ ఒప్పుకోవడం కాదు." అలిపిరి గారి లెక్క ఇందులో ఉంది, ఒప్పుకోలు లేదు. తర్వాత ఖర్చు వివరం అడగండి: బయటి సంస్థకు కట్టిన ఫీజు బిల్లులు, తేదీలు, ఎంతమందికి పంచారు. ఆపైన అడ్వాన్సు ప్రశ్న, 18వ సెక్షన్, జనవరి వేతనం ఇవ్వడానికి ఏడు రోజుల గడువు. రిలీవింగ్ లెటర్ విడిగా ఇంకో మెయిల్లో అడగండి, బాండుతో ముడిపెట్టొద్దు.

సెటిల్‌మెంట్ కాగితం మీద "ఇక బాకీలు లేవు" అని ఉంటే సంతకం పెట్టొద్దు. తప్పకపోతే సంతకం పక్కనే "కోతకు అభ్యంతరంతో" అని చేత్తో రాసి ఫొటో తీసుకోండి. లేఖ మెయిల్లో పంపి, అదే కాపీ స్పీడ్ పోస్టులో డెలివరీ రుజువుతో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు పంపండి. ఫ్యాక్టరీకి పంపితే గేటు దగ్గరే ఆగిపోతుంది. కంపెనీ వెబ్ పోర్టల్ లాగిన్ తీసేయకముందే పేస్లిప్పులు, హాజరు, బాండు స్కాన్ దించుకోండి.

పీలేరు_మల్లి:
పీఎఫ్‌లోంచి కూడా కోస్తారా అన్నా?

కట్టమంచి:
పీఎఫ్ ముట్టుకోలేరమ్మా.

అలిపిరి_హెచ్ఆర్:
లేఖ బాగుంది, కాదనను. కానీ శిక్షణ మూడు నెలల్లో ఇచ్చిన జీతాన్ని కూడా వాళ్లు "ఖర్చు" కింద చూపిస్తారు, రాసిపెట్టుకోండి. అప్పుడు లక్షా ఇరవై ఇట్టే దాటుతుంది.

కట్టమంచి:
చూపించనివ్వండి. ఆ మూడు నెలల్లో లైన్ మీద తయారైన సరుకు అమ్ముకున్నారా లేదా అని అడగొచ్చు. షిఫ్టు రిజిస్టరులో ఈయన పేరు ఉంటే అది శిక్షణ ఎంత, పని ఎంత అన్నది వాళ్లే చెప్పుకోవాలి.

అలిపిరి_హెచ్ఆర్:
ఆ రిజిస్టరు కంపెనీ బీరువాలో ఉంటుంది సామీ, మీ దగ్గర కాదు.

కాళహస్తి_కుర్రోడు:
జులై, ఆగస్టు నెలల్లో నైట్ షిఫ్టు అలవెన్సు పడింది. పేస్లిప్పులో ఉంది. అది పనికొస్తుందా?

కట్టమంచి:
రెండు పేస్లిప్పులూ లేఖకు జత చేయండి.

చంద్రగిరి_సీను:
స్టాంపు పేపరు ఉందో లేదో ఇంకా చెప్పలేదు.