ట్రేడులు ఒకదానిపై ఒకటి పడుతుంటే పర్జ్, ఎంబార్గో రెండూ కావాలా?

శ్రీధర్: నా దగ్గర పదేళ్ల నిఫ్టీ ముగింపు ధరలున్నాయి, సుమారు 2,500 రోజులు. రోజుకొక ట్రేడు తీసుకుని 20 ట్రేడింగ్ రోజుల తర్వాత బయటికి వస్తాను. ఆ 20 రోజుల రాబడే లేబుల్, 60 రోజుల సగటు ఫీచర్. ఐదు ఫోల్డుల క్రాస్ వ్యాలిడేషన్ చేస్తున్నాను. టెస్టు కాలంతో కలిసే ట్రేడులను ట్రైనింగు నుంచి తీసేసే పర్జ్ చేసి, దానిపై టెస్టు తర్వాత ఇంకొన్ని రోజులు వదిలేసే ఎంబార్గో కూడా పెడితే ఉన్న కొద్ది డేటా తరిగిపోతోంది. రెండూ నిజంగా అవసరమా?

రఘు: ఫోల్డులు వరుస ముక్కలైతే అంత భయం అక్కర్లేదండీ. 500 రోజుల ఫోల్డులో ట్రైనింగు లేబుళ్లతో కలిసేవి ఈ చివర 20, ఆ చివర 20 మాత్రమే. మధ్యలోని 460 శుభ్రంగానే ఉంటాయి. అదీ వద్దనుకుంటే scikit-learnలోని TimeSeriesSplit వాడండి, గతంతో నేర్పి భవిష్యత్తుపై పరీక్షిస్తుంది కాబట్టి టెస్టు జవాబులు ట్రైనింగులోకి జారే లీకేజీ ఉండదు.

మాధవి: రఘు గారి మొదటి లెక్క సరైనదే, కానీ అది 20 రోజుల ట్రేడుకు 500 రోజుల ఫోల్డు ఉన్నందువల్ల కుదిరింది. అదే డేటాను 50 ఫోల్డులుగా కోస్తే ఒక్కొక్కటి 50 రోజులే. అందులో 40 రోజులు కలుషితమే. ఇక రోజులను కలగలిపే shuffle=True పెడితే శుభ్రమైన రోజు దాదాపు మిగలదు. పక్కపక్క రోజుల లేబుళ్లు 20లో 19 రోజుల రాబడిని పంచుకుంటాయి కదా, ఒకటి ట్రైనింగులో ఉంటే రెండోదానికి జవాబు ముందే తెలిసినట్టే.

దీన్ని కళ్లారా చూడవచ్చు. ఫీచర్లన్నీ తీసేసి రోజు సంఖ్య ఒక్కటే ఇచ్చి రాండమ్ ఫారెస్ట్ నడపండి. కలగలిపిన ఫోల్డుల్లో స్కోరు అద్భుతంగా వస్తుంది. తేదీ నుంచి రాబడిని ఊహించగల విద్య ఏదీ లేదు, కాబట్టి ఆ స్కోరంతా లీకేజీయే.

TimeSeriesSplit విషయంలో మాత్రం ఒప్పుకోను. ట్రైనింగులోని చివరి 20 రోజుల లేబుళ్లు టెస్టు కాలంలోకి వెళ్లి ముగుస్తాయి. నిజంగా ఆ రోజున ట్రేడు చేసేవారికి ఆ ఫలితాలు ఇంకా తెలియవు. అక్కడా gap=20 పెట్టాల్సిందే.

శ్రీధర్ గారూ, మీ మూడో ఫోల్డు 1001 నుంచి 1500 వరకు. 981న కొన్నది 1001న ముగుస్తుంది, కాబట్టి 981 నుంచి 1000 దాకా ట్రైనింగు నుంచి తీసేయాలి. 1500న కొన్నది 1520 దాకా ఉంటుంది, కాబట్టి 1501 నుంచి 1520 దాకా తీసేయాలి. ట్రైనింగులో 2,000కు 1,960 మిగులుతాయి. ఇది పెద్ద నష్టం కాదు.

```python
keep = (t1 < test_start) | (t0 > test_end + embargo)
```

t0 కొన్న రోజు, t1 బయటికి వచ్చిన రోజు, test_end టెస్టులోని చివరి t1. స్టాప్‌లాస్ తగిలి మూడో రోజే ముగిసిన ట్రేడుకు నిజమైన t1 వాడితే అనవసరంగా తీసేయడం ఉండదు.

ఫణి: నేను బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లు ఏ రోజుకారోజు ముగిస్తాను. నాకు ఇదేమీ అక్కర్లేదు కదా?

మాధవి: ఒకే రోజులో మీ ట్రేడులు ఒకదానిపై ఒకటి పడుతుంటే ఫోల్డును రోజు మధ్యలో కోయకండి, చాలు. శ్రీధర్ గారి చిక్కు వేరు.

రఘు: పర్జ్ ఒప్పుకున్నాను, TimeSeriesSplit మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఎంబార్గో మాత్రం ఇంకా ఒప్పలేను. 1521న కొన్న ట్రేడు లేబుల్ టెస్టు ధరల దేన్నీ తాకదు. 60 రోజుల సగటు వెనక్కి చూస్తుంది, నిజమే. కానీ మోడల్ నేర్చుకునేది లేబుల్‌ను, ఫీచర్‌ను కాదు.

మాధవి: ఫీచర్లు మెల్లగా కదిలేవైతే 1500 నాటి విలువా 1521 నాటి విలువా దాదాపు ఒకటే. ఫలితం కూడా మెల్లగా కదిలేదైతే మోడల్ ఆ కాలాన్నే గుర్తుపడుతుంది. లేబుల్ వోలటిలిటీ అయితే ఈ బెడద పెద్దది, రాబడి అయితే చిన్నది. అందుకే ఎంబార్గో టెస్టు తర్వాతి వైపే పెడతారు. ముందటి డేటా నిజంగానే మన చేతిలో ఉంటుంది, తర్వాతిది ఎప్పటికీ ఉండదు. ఈ పద్ధతిపై పుస్తకం రాసిన లోపెజ్ డి ప్రాడో 2018లో సూచించిన కొలత మొత్తంలో 1 శాతం దగ్గర. ఇక్కడ 25 రోజులు, అంటే 1545 దాకా.

శ్రీధర్: నా ఫీచర్ 60 రోజులు చూస్తుంది. 25 సరిపోతుందా?

మాధవి: ముందుగా ఏ అంకెనూ నమ్మకండి. 0, 25, 60 పెట్టి స్కోరు ఎక్కడ నిలకడ పడుతుందో చూడండి. ప్రతిసారీ అన్నే వరుసలను ఫోల్డుకు దూరంగా ఉన్న చోట తీసేసి కూడా నడపండి. లేకపోతే స్కోరు తగ్గింది లీకేజీ ఆగినందుకో, డేటా తగ్గినందుకో తెలియదు.

రఘు: ఆ పరీక్ష న్యాయమైనది. అయినా తర్వాతి డేటా ఎప్పటికీ చేతికి రాదని మీరే అన్నారు. అలాంటప్పుడు 1545 తర్వాతి దానితో నేర్పడం మాత్రం ఎందుకు?

మాధవి: ముందుకే నడిస్తే మార్కెట్ నడిచిన ఒకే దారిలో పరీక్ష జరుగుతుంది, తొలి ఫోల్డులకు ట్రైనింగు డేటా కూడా చాలదు. ఆ లోటు నాకు ఎక్కువ అనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే అందులో తప్పేమీ లేదు.