అప్‌డేట్: ఫేర్‌వెల్ లంచ్‌లో గిఫ్ట్ ఇస్తూ మాట్లాడేశాను

అప్పుడు నేను ఇక్కడ అడిగింది: "మా టీమ్‌లో ఒక మేడమ్ వేరే ఉద్యోగానికి వెళ్తున్నారు. లంచ్‌లో అందరి తరఫున గిఫ్ట్ ఇస్తూ ఒక్క నిమిషం మాట్లాడమన్నారు. ఏం చెప్పాలి?"

"కష్టపడే మనిషి, కలుపుగోలు మనిషి" లాంటివన్నీ కొట్టేసి, ఒక్క సంఘటన పట్టుకున్నాను. ప్లేట్లు వచ్చాక ఎవరూ వినరని ఇక్కడ ఒకరు అన్నారు కదా, అందుకే ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తుండగానే లేచాను. చెప్పింది ఇదీ:

"మేడమ్, నేను చేరిన కొత్తలో ఓ సాయంత్రం నెలాఖరు రిపోర్టులో లెక్క కలవక తల పట్టుకుని కూర్చున్నాను. మీరు ఇంటికి బయల్దేరుతూ ఆగారు. భుజం మీది బ్యాగ్ దించకుండానే, ఏ వరుస రెండుసార్లు పడిందో వేలు పెట్టి చూపించారు. ఇక్కడ చాలామందికి మీతో ఇలాంటి సాయంత్రం ఒకటి ఉంది. ఇది మా అందరి తరఫున. కొత్త ఆఫీసులో మీ టేబుల్ మీద ఉండాలని తీసుకున్నాం."

గిఫ్ట్‌ని చివరి వాక్యం దాకా కుర్చీ వెనకే ఉంచాను. ముందే చేతికిస్తే కళ్ళన్నీ ప్యాకెట్ మీదే ఉంటాయి. డబ్బులు వేయనివాళ్ళ చేత కూడా కార్డు మీద సంతకం పెట్టించాం, కాబట్టి ఎవరెంత ఇచ్చారన్న ఊసే రాలేదు. అక్కడే విప్పాలా వద్దా అని ఆవిడ తటపటాయిస్తుంటే "ఇంటికెళ్ళి చూసుకోండి మేడమ్" అన్నాను. ఆగలేదు లెండి, విప్పేశారు.