ఊహించి జవాబు ఇచ్చేటప్పుడు ఆ ఊహను పైకి చెప్పాలా?

ప్రశ్న (కొత్తచేరిక): "అడిగినవాళ్లు వివరాలు సరిగా చెప్పనప్పుడు, విషయం ఇదే అయ్యుంటుందని ఊహించి జవాబు రాస్తున్నాం. ఆ ఊహను విడిగా చెప్పాలా? చెబితే ఎక్కడ, ఎంత? ముందు అడిగి తెలుసుకోవడమే మేలా?"

నిదానం: ముందు అడగడమే సరైన పని. ఊహ తప్పితే రాసిన శ్రమ, చదివిన శ్రమ రెండూ వృథా.

లెక్కలబడి: ఒక్కోసారి అంతే. కానీ అడిగి ఊరుకుంటే అవతలి మనిషి మళ్లీ వచ్చేదాకా పని ఆగిపోతుంది. స్ప్రెడ్‌షీట్ల సాయంలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి చూడండి: "సీఎస్‌వీ ఫైల్ తెరిచాను, తేదీలు తారుమారుగా కనిపిస్తున్నాయి, ఎలా సరిచేయాలి?"

ఇందులో రెండు వేర్వేరు సమస్యల్లో ఏదైనా ఉండొచ్చు. తేదీ సరిగానే నిల్వ ఉండి చూపించే తీరు మాత్రమే తేడాగా ఉంటే, `Format Cells`లో మారిస్తే సరిపోతుంది. లేదా ఫైల్‌లో రోజు ముందు, నెల తర్వాత ఉండి, కంప్యూటర్ సెట్టింగ్ నెల ముందు అనుకుని ఉండొచ్చు. అప్పుడు 03/04/2024 అనేది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4గా నిల్వ అవుతుంది. 25/04/2024కి మాత్రం 25వ నెల లేదు కాబట్టి అది తేదీగా మారక టెక్స్ట్‌గానే మిగులుతుంది.

మొదటిది అనుకుని, ఆ మాట చెప్పకుండా "ఫార్మాట్ మార్చండి" అని రాశామనుకోండి. మార్చి 4 కాస్తా 04/03/2024గా కనిపిస్తుంది. చూడటానికి రోజు ముందు, నెల తర్వాత చక్కగా ఉంటుంది. అడిగినవాళ్లు పని అయిపోయిందనుకుని వెళ్లిపోతారు, తప్పు తేదీ ఫైల్‌లో ఉండిపోతుంది.

నేనైతే ఇలా మొదలుపెడతాను: "విలువలే మారిపోయాయని అనుకుని చెబుతున్నాను. కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు ఉన్నాయేమో చూడండి. ఎడమవైపు ఉన్నవాటిలో రోజు 12 దాటి ఉంటే నా ఊహ సరైనదే. అన్నీ ఒకే వైపు ఉంటే కింది పద్ధతి చేయకుండా నాకు చెప్పండి." అలైన్‌మెంట్ ఎవరైనా మార్చి ఉంటే పక్క సెల్‌లో ఇది వేసి చూడమంటాను:

```
=ISNUMBER(A2)
```

ఎడమవైపు ఉన్నవాటికి FALSE వస్తే అవి టెక్స్ట్. ఆ తర్వాతే, అసలు సీఎస్‌వీని ముట్టుకోకుండా `From Text/CSV` ద్వారా మళ్లీ తెచ్చుకునే పద్ధతి రాస్తాను.

మర్యాద: నేను ప్రతి జవాబులో "నాకు తెలిసినంతవరకు", "బహుశా" అని రాస్తూనే ఉన్నాను. ఇదీ అదే కదా?

లెక్కలబడి: కాదండీ. "బహుశా" అంటే మీకు నమ్మకం తక్కువని మాత్రమే తెలుస్తుంది. మీరు ఏం అనుకున్నారో తెలియదు కాబట్టి, అవతలివాళ్లకు దిద్దడానికి ఏమీ దొరకదు.

పూర్తివివరం: అయితే అన్ని ఊహలూ పైనే రాసేయాలి. ఎక్సెల్ అనుకున్నాను, విండోస్ అనుకున్నాను, కొత్త వెర్షన్ అనుకున్నాను, ఫైల్ కామాలతో ఉందనుకున్నాను...

లెక్కలబడి: పైన రాయాలన్నది ఒప్పుకుంటాను. అన్నీ రాస్తే మాత్రం అసలైనది వాటిలో కలిసిపోతుంది. తప్పైతే జవాబు మారిపోయే ఊహ ఒక్కటే పైన చాలు. విండోస్ సంగతి మెనూ పేరు వచ్చిన చోట అరవాక్యంలో చెప్పొచ్చు.

సాయంత్రంబ్యాచ్: అడిగేవాడిగా నా సంగతి చెబుతాను. నేను గూగుల్ షీట్స్ వాడతాను. నాకు వచ్చిన జవాబు ఎక్సెల్‌కి, కానీ ఆ మాట ఎక్కడా లేదు. చెప్పిన మెనూ కనిపించక, నా అకౌంట్‌లోనే ఏదో లోపం ఉందని చాలాసేపు టెన్షన్ పడ్డాను. షీట్స్‌లో అయితే `File`, `Settings` లోపల `Locale` చూడాలట. "ఎక్సెల్ అనుకుని" అన్న రెండు ముక్కలుంటే వెంటనే చెప్పేవాణ్ని.

నిదానం: ఇది నా మాటకే బలం. ఏది వాడుతున్నారని ముందే అడిగి ఉంటే ఆ టెన్షన్ ఉండేదే కాదు.

లెక్కలబడి: చేశాక వెనక్కి తీసుకోలేని పని అయితే నేనూ ముందు అడుగుతాను. పాత ఫైల్ మీదే సేవ్ చేయమనడం, అడ్డువరుసలు తీసేయమనడం అలాంటివే. ఇక్కడ అసలు సీఎస్‌వీ భద్రంగా ఉంది, కాబట్టి ఊహ చెప్పి ముందుకెళ్లడమే నయం.

నిదానం: భద్రంగా ఉందన్నదీ మీ ఊహే. అప్పటికే ఎక్సెల్‌లో తెరిచి దాని మీదే సేవ్ చేసి ఉంటే?

లెక్కలబడి: నిజమే, ఫార్మాట్ మార్చాక సేవ్ చేసి ఉంటే మారిన తేదీలే ఫైల్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి, మళ్లీ తెచ్చుకున్నా లాభం లేదు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం పద్ధతికి ముందే అడగాలి. మిగతా జవాబు అప్పుడే రాయాలా, ఆగాలా అన్నదాంట్లో మీతో ఇంకా ఏకీభవించలేను.